వేళ్ల సందుల్లో దద్దుర్లు: దుబాయ్ క్యాంపు నుంచి సూపర్‌వైజర్‌కు సిక్ లీవ్ లెటర్ రాసిన తీరు

క్యాంపులో ఒంటిమీద ఏదైనా లేస్తే మనవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే: చొక్కా చేతులు కిందికి దించుకుని డ్యూటీకి ఎక్కేయడం. సెలవు అడిగితే జీతం కట్ అవుతుందని భయం. అంటురోగం అని తెలిస్తే వీసా కొట్టేసి ఇంటికి పంపిస్తారన్న భయం అంతకంటే పెద్దది. నాకు వేళ్ల సందుల్లో గుల్లలు లేచినప్పుడు మా రూమ్‌లోనూ ఇదే మాట నడిచింది. నేను మాత్రం దాచలేదు, సూపర్‌వైజర్‌కు లెటర్ రాశాను. ఆ లెటర్‌లో ఏం పెట్టాను, ఏం పెట్టలేదు, ఎందుకు అన్నది ఇక్కడ రాస్తున్నాను. సోనాపూర్, అల్ కూజ్, జెబెల్ అలీ క్యాంపుల్లో ఉన్న జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు అన్నదమ్ములకు పనికొస్తుంది.

ముందు ఆ భయం సంగతి. వీసా మెడికల్‌లో యూఏఈ ప్రధానంగా చూసేది హెచ్ఐవీ, టీబీ, కుష్ఠు లాంటివి. నాకు వచ్చింది గజ్జి. దానికి వీసా పోదు. చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెట్టే, కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వచ్చే జబ్బు ఇది. పూత మందుతో పోతుంది. కానీ దాచిపెడితే రూమంతా పాకుతుంది. మొదటిసారి సోకిన మనిషికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో తనకేమీ లేదనుకుంటూనే పక్కవాళ్లకు అంటిస్తుంటాడు. అందుకే ఒక్కడి సెలవు లెటర్ అనుకుని మొదలుపెట్టింది చివరికి రూమ్ మొత్తానికి వైద్యం అడిగే లెటర్ అయింది.

రాయడానికి కూర్చునే ముందు ఒంటిని సరిగ్గా చూసుకోవాలి. ఎండాకాలంలో ఫోర్‌మ్యాన్ మొదటి మాట 'చెమటకాయలు, పౌడర్ వేసుకో' అనే ఉంటుంది. ఆ మాట చాలాసార్లు నిజమే కూడా. అయితే చెమటకాయలు మెడ, వీపు, ఛాతీ మీద, బట్ట ఒరుసుకునే చోట లేస్తాయి, చల్లని గదిలో ఉంటే తగ్గుతాయి. గజ్జి వేళ్ల సందులు, మణికట్టు లోపలి వైపు, మోచేయి, చంకలు, బొడ్డు చుట్టూ, నడుం పట్టీ దగ్గర, పిరుదులు, మర్మాంగాల మీద వస్తుంది. దురద రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుంది. ఏసీ రూమ్‌లోనూ తగ్గదు. సిమెంటు పడని వాళ్లకు చేతుల మీద ఎర్రబారి పగుళ్లు వస్తాయి. అది అంటుకోదు, రూమ్‌లో మిగతావాళ్లకు ఉండదు. తామరైతే అంచు గుండ్రంగా పైకి లేచి, మధ్యలో చర్మం తేటగా ఉంటుంది. ఆటలమ్మ పూర్తిగా వేరు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఆ వెంటనే ఒళ్లంతా నీటి పొక్కులు. అది గాలిలోనూ వ్యాపిస్తుంది కాబట్టి పొక్కులన్నీ పక్కు కట్టేదాకా కంపెనీ బస్సు ఎక్కకూడదు, మెస్‌లో కూర్చోకూడదు.

ఇన్ని తేడాలు చెప్పడం మనమే డాక్టర్ అయిపోవడానికి కాదు. లెటర్‌లో ఏ వివరాలు రాస్తే చదివేవాడికి పనికొస్తాయో తెలియడానికి. జ్వరం ఉందా లేదా, నీటి పొక్కులు ఉన్నాయా, ఎక్కడ మొదలైంది, దురద ఎప్పుడు ఎక్కువ, పక్కవాళ్లకు ఉందా. ఈ అయిదూ రాస్తే చాలు.

ఇంకో మాట. ఇంటి నుంచి తెచ్చుకున్న పూత మందు ట్యూబు దాదాపు ప్రతి బ్యాగులోనూ ఉంటుంది. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది రాస్తే ఎరుపు, దురద తగ్గినట్టు అనిపిస్తుంది, పురుగు మాత్రం చావదు. పైగా దద్దుర్ల రూపు మారిపోయి డాక్టర్ కూడా గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. క్లినిక్‌కు వెళ్లేదాకా ఏమీ రాయకుండా ఉండటం మంచిది. ఇప్పటికే రాసి ఉంటే ఆ ట్యూబు జేబులో వేసుకుని వెళ్లి చూపించాలి.

వెలుతురులో ఫోటో తీసిపెట్టుకున్నాను. చేతివేళ్లు, మణికట్టు వరకే. నడుం కింద భాగాల ఫోటోలు ఎవరికీ పంపకూడదు, వాటిని చూడాల్సింది డాక్టరే. సైటు వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకూడదు. గ్రూపులో పెడితే అరగంటలో క్యాంపంతా తెలుస్తుంది, మెస్‌లో పక్కన కూర్చునేవాడు ఉండడు. సూపర్‌వైజర్ నంబరుకు, టైమ్‌కీపర్ నంబరుకు విడివిడిగా పంపాలి. నోటితో చెప్పినా సరే, రాతలో కూడా పంపాలి. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం జబ్బు చేసిన సంగతి మూడు పనిరోజుల లోపు యజమానికి తెలియజేయాలి, మెడికల్ రిపోర్టు ఇవ్వాలి. మరోవైపు, సరైన కారణం చూపకుండా వరుసగా ఏడు రోజులకు మించి రాకపోతే నోటీసు లేకుండానే తీసేసే హక్కు కంపెనీకి ఉంది. ఫోర్‌మ్యాన్‌కు ఫోన్లో చెప్పాం కదా అనుకుంటే, రేపు అతను సెలవు మీద ఊరెళితే మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు. తేదీ, సమయం ఉన్న మెసేజే ఆధారం.

మా సూపర్‌వైజర్‌ది కేరళ. నేను తెలుగులో రాసుకుంటే టైమ్‌కీపర్ ఇంగ్లిష్‌లో పెట్టి ఇచ్చాడు. రాత్రే సిద్ధం చేసి, తెల్లవారుజామున బస్సు కదలకముందే పంపాను. బస్సు వెళ్లిపోయాక పంపితే ఆ రోజు మనుషుల లెక్క అప్పటికే తప్పి ఉంటుంది, చదివేవాడు కోపంతో చదువుతాడు. మొదటి లెటర్ ఇది, పేరు, నంబర్లు తీసేసి ఇస్తున్నాను:

'నమస్కారం సార్. నేను షట్టరింగ్ కార్పెంటర్‌ను, ఉద్యోగి నంబరు ఫలానా, రూమ్ నంబరు ఫలానా. గత శుక్రవారం నుంచి రెండు చేతుల వేళ్ల సందుల్లో, మణికట్ల మీద, నడుం చుట్టూ చిన్న గుల్లలు లేచాయి. దురద రాత్రి ఎక్కువగా ఉంటోంది, నిద్ర పట్టడం లేదు. జ్వరం లేదు, నీటి పొక్కులు లేవు. మా రూమ్‌లో ఇంకో ఇద్దరికి కూడా దురద ఉంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదిలా కనిపిస్తోంది, కానీ ఏమిటన్నది డాక్టరే చెప్పాలి. ఈ రోజు డ్యూటీకి రాకుండా ఇన్సూరెన్స్ క్లినిక్‌కు వెళ్లడానికి అనుమతి ఇవ్వండి. డాక్టర్ ఇచ్చిన కాగితం సాయంత్రంలోపు పంపుతాను. ఎన్ని రోజుల సెలవు అన్నది ఆ కాగితం ప్రకారమే అడుగుతాను. మూడో అంతస్తు బీముల పక్క పలకలు నిన్న బిగించాం, తూకం చూడటం మిగిలి ఉంది. ఆ సంగతి మా గ్యాంగ్ చార్జ్‌హ్యాండ్‌కు చెప్పాను. చేతి ఫోటో జతచేశాను.'

ఇందులో కొన్ని మాటలు కావాలనే రాశాను, కొన్ని కావాలనే వదిలేశాను. జబ్బు పేరు రాయలేదు. నాకు గజ్జి అనే అనుమానం ఉన్నా, ఆ పేరు మనం రాస్తే, డాక్టర్ వేరే పేరు రాస్తే, అబద్ధం చెప్పి సెలవు అడిగాడన్న మాట పడుతుంది. 'అంటుకునేదిలా కనిపిస్తోంది' అన్నది మాత్రం తప్పకుండా ఉండాలి. సూపర్‌వైజర్ మనల్ని సైటుకు రమ్మనకుండా ఆపేది ఆ ఒక్క మాటే. రూమ్‌మేట్ల పేర్లు రాయలేదు, ఇద్దరు అన్నానంతే. వాళ్లను అడగకుండా పేరు రాస్తే వాళ్ల సెలవు, వాళ్ల భయం మన చేతిలోకి వస్తాయి. అడిగి ఒప్పుకున్నాకే రెండో లెటర్‌లో రాశాను. రోజుల లెక్క అడగలేదు. 'వారం సెలవు కావాలి' అని మొదలుపెడితే బేరం మొదలవుతుంది. అదే కాగితం ప్రకారం అంటే బేరానికి చోటు లేదు. ఇక చేతిలో ఉన్న పని ఎక్కడ ఆగిందో రాయడం చాలామంది అనవసరం అనుకుంటారు. నా లెక్కలో లెటర్‌లో సగం బలం ఆ రెండు వాక్యాలదే. సూపర్‌వైజర్‌కు పొద్దున్నే ఉండే తలనొప్పి మన గుల్లలు కాదు, ఆ బీము ఎవరు చూస్తారన్నది.

జవాబు వచ్చేదాకా క్యాంపు వదిలి వెళ్లలేదు. 'సరే, వెళ్లు' అన్న మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. క్లినిక్‌కు ఎమిరేట్స్ ఐడీ, ఇన్సూరెన్స్ కార్డు తీసుకెళ్లాలి. కార్డులో మన నెట్‌వర్క్‌లో ఉన్న క్లినిక్కే చూసుకోవాలి. వేరే చోటికి వెళితే మొత్తం ఖర్చు మనమే పెట్టుకోవాల్సి వస్తుంది. నెట్‌వర్క్‌లోనైనా కన్సల్టేషన్‌లో, మందుల్లో కొంత భాగం మన జేబులోంచి పోతుంది.

డాక్టర్ దగ్గర అడిగి తీసుకోవాల్సినవి మూడు. సిక్ లీవ్ సర్టిఫికెట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది స్పష్టంగా ఉండాలి. క్లినిక్ స్టాంపు, డాక్టర్ సంతకం ఉండాలి. రెండోది, జబ్బు పేరుతో పాటు 'ఒకే గదిలో ఉండేవాళ్లందరికీ ఒకేసారి వైద్యం అవసరం' అన్న ఒక వాక్యం రాయించుకోవాలి. క్యాంపులో అందరికంటే ఎక్కువ పనిచేసే వాక్యం అదే. మూడోది, తిరిగి పనిలో చేరే తేదీ, దానితో 'వైద్యం తర్వాత కూడా కొన్ని వారాలు దురద ఉండవచ్చు' అన్న మాట. ఇది ఎందుకన్నది కిందికి వచ్చాక తెలుస్తుంది.

గజ్జికి సెలవు ఎక్కువ రోజులు రాదు, ఇది ముందే తెలుసుకోవాలి. మొదటి పూత రాసి, రాత్రంతా ఉంచి కడుక్కున్నాక మామూలుగా మరుసటి రోజు నుంచి పనికి వెళ్లవచ్చు. చూపించుకున్న రోజు, మందు రాసుకున్న మర్నాడు కలిపి రెండు రోజులంటే న్యాయమైన లెక్క. గుల్లలు గీరి చీము పట్టి ఉంటే, పక్కు కట్టిన మందపాటి రకం అయితే ఎక్కువ పడుతుంది. వారం రోజులు రాయమని డాక్టర్‌ను బతిమాలేవాళ్లను చూశాను. అది మంచిది కాదు. ఎక్కువ సెలవు తీసుకుని వైద్యం లేని అదే రూమ్‌లో పడుకుంటే మళ్లీ అంటుకుంటుంది. రెండోసారి సోకినప్పుడు దురద మొదలవడానికి అన్ని వారాలు పట్టదు, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే మొదలవుతుంది.

కాబట్టి రెండో లెటర్‌లో నా సెలవు రెండు వాక్యాల్లో అయిపోయింది, మిగతాదంతా రూమ్ గురించే. సర్టిఫికెట్ ఫోటోతో సూపర్‌వైజర్‌కు, టైమ్‌కీపర్‌కు, హెచ్ఆర్ ఈమెయిల్‌కు పంపాను, క్యాంపు బాస్‌కు ప్రింట్ ఇచ్చాను.

'సార్, క్లినిక్‌లో చూపించుకున్నాను. డాక్టర్ గజ్జి అని రాశారు, ఇవాళ, రేపు రెండు రోజులు సెలవు ఇచ్చారు, సర్టిఫికెట్ జతచేశాను. ఎల్లుండి ఉదయం డ్యూటీకి వస్తాను. ఒకే గదిలో ఉన్నవాళ్లందరికీ ఒకే రాత్రి మందు రాయాలని డాక్టర్ రాసిచ్చారు. మా రూమ్‌లో ఆరుగురం ఉన్నాం, మిగతా అయిదుగురూ ఒప్పుకున్నారు, పేర్లు కింద రాశాను. ఒక్కొక్కరికి ఒకసారికి 30 గ్రాముల పెర్మెత్రిన్ 5 శాతం క్రీము ఒక ట్యూబు, వారం తర్వాత మళ్లీ ఇంకొకటి, మొత్తం 12 ట్యూబులు కావాలి. నా ఇన్సూరెన్స్ మీద నావి మాత్రమే వస్తాయి. మిగతా అయిదుగురిని క్లినిక్‌కు పంపండి, లేదా కంపెనీ నర్సు ద్వారా మందు ఇప్పించండి. ఇద్దరికి రాత్రి డ్యూటీ ఉంది, మందు రాసే రోజు వాళ్లకు షిఫ్టు మార్చాలని మనవి. ఆ రోజు దుప్పట్లు వేడి నీళ్ల మెషీన్‌లో ఉతికించమని క్యాంపు బాస్‌కు చెప్పగలరు.'

12 ట్యూబులు అన్న అంకె వేయడం వల్లే పని జరిగింది. 'అందరికీ మందు కావాలి' అని రాస్తే అది ఎవరో ఒకరు చూసుకుంటారన్న మాటగా ఉండిపోతుంది. ఆరు మనుషులు, రెండు సార్లు, మొత్తం 12 అంటే అది కొనాల్సిన వస్తువు అవుతుంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి ఒకసారికి ట్యూబున్నర, రెండు కూడా పట్టవచ్చు, అది నర్సుకు నోటితో చెప్పాను. షిఫ్టు సంగతి కూడా ముఖ్యమే. మందు ఒంటిమీద 8 నుంచి 14 గంటలు ఉండాలి. రాత్రి డ్యూటీ ఉన్నవాడు పూసుకుని పనికి వెళితే చెమటకు, చేతులు కడుక్కోవడానికి అది పోతుంది. అయిదుగురు ఇవాళ రాసుకుని, ఆరోవాడు మూడు రోజుల తర్వాత రాసుకుంటే ఆ మూడు రాత్రుల్లో పురుగు మళ్లీ తిరిగి వస్తుంది. గజ్జి వైద్యం క్యాంపుల్లో చెడిపోయేది మందు పనిచేయక కాదు, చాలాసార్లు ఇక్కడే.

రాసే తీరు కూడా రూమ్‌లో అందరికీ చూపించాల్సి వచ్చింది. స్నానం చేసి, ఒళ్లు బాగా ఆరి చల్లబడ్డాక మెడ నుంచి అరికాళ్ల దాకా రాయాలి, గుల్లలు ఉన్నచోట మాత్రమే కాదు. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, చంకలు, పిరుదుల మధ్య, మర్మాంగాలు, కాలివేళ్ల సందులు. గోళ్లు ముందే కత్తిరించుకోవాలి. వీపుకు ఒకరికొకరు రాయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ పూయాలి. పొద్దున కడుక్కుని ఉతికిన బట్టలు వేసుకోవాలి.

దుప్పట్ల దగ్గర క్యాంపు మెషీన్లతో ఇబ్బంది ఉంది, వాటిలో చాలావాటిలో చల్లటి నీళ్లే వస్తాయి. పురుగు చావాలంటే 60 డిగ్రీల వేడి కావాలి. వేడి నీళ్లు లేకపోతే దానికి తేలికైన దారి ఉంది. మనిషి ఒంటిని వదిలాక పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. దుప్పట్లు, దిండ్లు, కవరాల్, చేతి గ్లవ్స్, సేఫ్టీ బెల్టు చెత్త సంచిలో వేసి గట్టిగా ముడేసి వారం పక్కన పెట్టాం. మూడు రోజులు చాలు, వారమైతే అనుమానం ఉండదు. ఒకరి సేఫ్టీ బెల్టు ఇంకొకరు వేసుకునే సైట్లలో ఆ బెల్టు సంగతి ఎవరికీ గుర్తు రాదు, అందుకే లెటర్‌లో కాకపోయినా సేఫ్టీ ఆఫీసర్‌తో నోటితో చెప్పాను. గోడలకు, మంచాలకు మందు కొట్టించాల్సిన అవసరం లేదు.

పనిలో చేరాక వచ్చే చిక్కు దురద. పురుగు చచ్చిపోయినా దాని మీద చర్మం చూపే ప్రతిచర్య రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. మనం గోక్కుంటుంటే ఫోర్‌మ్యాన్ చూసి 'ఇంకా తగ్గలేదు, వెనక్కి వెళ్లు' అంటాడు. ఆ రోజు ఆబ్సెంట్ పడితే గొడవ. డాక్టర్ చేత దురద సంగతి ముందే రాయించుకున్నది అందుకే. ఆ కాగితం ఫోన్లో ఉంటే చూపించి పనిలో ఉండవచ్చు. దురద తగ్గుతూ పోతుంటే భయం లేదు. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, కొత్త గుల్లలు లేస్తే అప్పుడు మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రెండో పూత రోజును రూమ్ తలుపు మీద రాసి అంటించాం. మొదటి పూతకే దురద తగ్గినవాడు రెండోది వదిలేస్తాడు. మొదటి పూత తప్పించుకున్న గుడ్ల నుంచి వచ్చిన పురుగుల్ని చంపేది ఆ రెండోదే.

ఇక జీతం. చట్టం ప్రకారం ప్రొబేషన్ అయిపోయిన వాళ్లకు ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవ్ ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులకు జీతం లేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు జీతంతో సిక్ లీవ్ రాదు. మెడికల్ రిపోర్టు చూపిస్తే జీతం లేని సెలవు కంపెనీ ఇవ్వవచ్చు. ప్రొబేషన్ ఆరు నెలలకు మించి పెట్టకూడదు. కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఇది తెలుసుకుని లెటర్ రాస్తే తర్వాత నిరాశ ఉండదు. ఓవర్‌టైమ్ చేయని రోజులకు ఓవర్‌టైమ్ డబ్బులు రావు, అది కట్ కాదు.

నెలాఖరున స్లిప్పు తప్పకుండా చూసుకోవాలి. నెలకు 1,200 దిర్హమ్‌ల జీతం అనుకుంటే రోజుకు 40. రెండు రోజుల సిక్ లీవ్‌ను టైమ్‌షీట్‌లో ఆబ్సెంట్‌గా వేస్తే 80 దిర్హమ్‌లు పోతాయి, పైన కొన్ని కంపెనీలు జరిమానా కూడా వేస్తాయి. ఇది చాలాసార్లు కావాలని చేసేది కాదు, టైమ్‌కీపర్‌కు సర్టిఫికెట్ చేరకపోవడం వల్ల జరుగుతుంది. రెండు లెటర్లూ అతని నంబరుకు కూడా పంపమన్నది ఇందుకే. తప్పు పడితే మొదట అతనికే మెసేజ్, సర్టిఫికెట్ చూపించి సరిచేయించుకోవాలి. కాకపోతే హెచ్ఆర్. అక్కడా కాకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ ఫిర్యాదుల నంబరు 80084. ఏం చేయాలో తోచకపోతే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 800 46342కు ఫోన్ చేసి అడగవచ్చు. అక్కడ మొదట అడిగేది ఏ తేదీన ఎవరికి చెప్పారు, ఆధారం ఏముంది అనే. అందుకని రెండు లెటర్లు, జవాబు స్క్రీన్‌షాట్, సర్టిఫికెట్, స్లిప్పు ఒకే ఫోల్డర్‌లో వేసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కు కూడా ఒక కాపీ పంపించి పెట్టుకోండి.